మడత తెలిస్తే మందు దొరికినట్టేనా?

1994 నుంచి రెండేళ్లకోసారి ప్రొటీన్ శాస్త్రవేత్తలకు ఒక పరీక్ష జరుగుతోంది. దాని పేరు కాస్ప్. ప్రయోగశాలలు కొన్ని ప్రొటీన్ల ఆకారాలు కనిపెట్టి, ఇంకా బయటపెట్టకుండా ఉంచుతాయి. పోటీదారుల చేతికి వచ్చేది అమైనో ఆమ్లాల వరుస ఒక్కటే. ఆ గొలుసు ఎలా మడతలు పడుతుందో వాళ్లు చెప్పాలి. వందకు తొంభై మార్కులు వస్తే దాదాపు ప్రయోగంతో సమానమని లెక్క. 2020లో డీప్‌మైండ్ సంస్థ తయారుచేసిన ఆల్ఫాఫోల్డ్ రెండో రూపం సాధించిన మధ్యస్థ మార్కు 92.4. దాన్ని తీర్చిదిద్దిన డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు 2024లో రసాయన నోబెల్‌లో సగం దక్కింది.

ఈ యంత్రం భౌతిక సూత్రాలతో మడతను అడుగడుగునా లెక్కగట్టి చెప్పదు. ఒకే ప్రొటీన్ బ్యాక్టీరియాలో, ఈస్ట్‌లో, మనిషిలో కాస్త కాస్త తేడాలతో ఉంటుంది. ఆ వరుసలన్నీ పక్కపక్కన పేర్చి చూస్తే కొన్ని జతలు బయటపడతాయి: ఇక్కడి ఆమ్లం మారినప్పుడల్లా ఎక్కడో దూరాన ఉన్న మరొకటీ మారుతుంది. గొలుసులో దూరమైనా, మడత పడ్డాక అవి రెండూ పక్కపక్కనే ఉండే అవకాశం ఎక్కువ. ఇలాంటి జాడల నుంచి ఆకారాన్ని ఊహించడం అది నేర్చుకున్నది ప్రొటీన్ డేటా బ్యాంక్ నుంచి. 1971లో మొదలైన ఆ భాండాగారంలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం స్ఫటికాలు పెంచి, ఎక్స్‌రేలు పంపి, ఏళ్ల తరబడి కూర్చుని సాధించిన ఆకారాలే. అంటే ఆల్ఫాఫోల్డ్ చదువుకున్న పాఠ్యపుస్తకం రాసింది ప్రయోగశాలలే. ఈ మాట పత్రికల్లో తక్కువగా కనిపిస్తుంది.

దానికి ఒక మంచి గుణం ఉంది. తన జవాబులో ఏ భాగాన్ని ఎంత నమ్మవచ్చో తనే చెబుతుంది. బొమ్మలో ముదురు నీలం ఉన్నచోట నమ్మకం తొంభైకి పైన, నారింజ రంగు ఉన్నచోట యాభైకి కింద. నారింజ ముక్కలను పట్టుకుని మందు వెతకబోతే శ్రమంతా వృథా. చాలాసార్లు అవి నిజంగానే స్థిరమైన ఆకారం లేని భాగాలు.

మరి నీలం రంగు గుంట దొరికితే, అందులో ఇమిడే మందును కంప్యూటరే ఏరిపెట్టగలదా? అమెరికాలో ఫెలిక్స్ వాంగ్, జేమ్స్ కాలిన్స్ తదితరులు 2022లో దీన్ని సూటిగా పరీక్షించారు. దాదాపు 39,000 రసాయనాలను ఇ. కోలై బ్యాక్టీరియా మీద ప్రయోగించి, పెరుగుదలను అడ్డుకున్నవి 218 ఏరారు. ఆ బ్యాక్టీరియా బతకడానికి తప్పనిసరైన 296 ప్రొటీన్ల ఆల్ఫాఫోల్డ్ నమూనాల్లో వీటిని ఒక్కొక్కటిగా ఇమిడ్చి చూడమని డాకింగ్ ప్రోగ్రాముకు అప్పగించారు. ఏది దేనికి అతుక్కుంటుందో కంప్యూటర్ చెప్పింది. తర్వాత పన్నెండు ప్రొటీన్లను ఎంచుకుని, ఈ రసాయనాలు వాటి పనిని నిజంగా ఆపుతున్నాయో లేదో గాజు పాత్రల్లో కొలిచారు. రెండు జాబితాలూ ఎంత కలిశాయన్న కొలతలో 1 వస్తే సంపూర్ణ విజయం, 0.5 అంటే బొమ్మా బొరుసూ వేసినట్టు. వచ్చింది సగటున 0.48.

తప్పు ఆల్ఫాఫోల్డ్‌దేనా? ప్రయోగంలో తేలిన అసలు ఆకారాలు పెట్టి చూసినా ఫలితం పెద్దగా మారలేదు. లోపం ప్రధానంగా డాకింగ్ మార్కులు వేసే పద్ధతిది. గుంటలోని నీటి అణువులు, మందు తగలగానే పక్కకు జరిగే ప్రొటీన్ అంచులు, ఇవన్నీ ఆ లెక్కలో మోటుగానే ఉంటాయి. మెషీన్ లెర్నింగ్‌తో మార్కులు తిరిగి వేయిస్తే కాస్త మెరుగుపడింది. అది కూడా కాస్తే.

ప్రయోగశాల కూడా మోసపోతుంది సుమా. కొన్ని రసాయనాలు నీళ్లలో ముద్దలుగా చేరి, ఏ ఎంజైము కనబడితే దాన్ని చుట్టేసుకుని పనిచేయనివ్వవు. చూడ్డానికి అచ్చం మందులాగే ఉంటుంది. కాలిఫోర్నియాలో బ్రయన్ షోయిచెట్ బృందం దీన్ని పట్టుకునే ఉపాయం చూపింది. ద్రావణంలో కాస్త డిటర్జెంట్ కలిపితే ముద్ద విడిపోతుంది. దాంతో ప్రభావం కూడా మాయమైతే ఆ రసాయనాన్ని పక్కన పెట్టేయవచ్చు.

అదే షోయిచెట్, మరికొందరు కలిసి 2024లో ఇంకో ప్రయోగం ప్రచురించారు. మెదడులో సెరటోనిన్ అందుకునే ఒక గ్రాహకానికి ఆల్ఫాఫోల్డ్ గీసిన నమూనా ఒకవైపు, ప్రయోగంలో తేలిన ఆకారం ఇంకోవైపు పెట్టి, రెండింటికీ వేర్వేరుగా కోట్లాది అణువులను కంప్యూటర్‌లో జల్లెడ పట్టారు. పైకి తేలినవాటిని తయారుచేయించి పరీక్షిస్తే, రెండు వైపులా ఇంచుమించు నాలుగింట ఒకటి అతుక్కుంది. చేత్తో గుడ్డిగా వెతికితే ఇంత రాబడి రాదు. అయినా నాలుగింట మూడు తప్పే, ఏ మూడో తయారుచేసి చూస్తేగాని తెలియలేదు.

ఆ నమూనాలోని గుంట, ప్రయోగంలో తేలిన గుంట అచ్చంగా ఒకేలా లేవు. ఆ తేడాను ఆల్ఫాఫోల్డ్ పొరపాటుగా కొట్టిపారేయడం తేలిక. గట్టిగా అతుక్కున్న ఒక అణువును గ్రాహకంతో కలిపి, గడ్డకట్టించి, క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఆకారం తీశారు. అణువు వచ్చి కూర్చున్నాక గ్రాహకం సర్దుకున్న తీరు ఆల్ఫాఫోల్డ్ గీసినదానికి దగ్గరగా ఉంది.