సైక్లిన్ గీత ఎందుకు కుప్పకూలుతుంది?

1982లో అమెరికాలోని వుడ్స్ హోల్‌లో టిమ్ హంట్ సముద్రపు అర్చిన్ గుడ్లను ఫలదీకరించి, వాటికి రేడియోధార్మిక మిథియోనిన్ అందించాడు. గుడ్లలో కొత్తగా తయారైన ప్రోటీన్లు జెల్ మీద పట్టీలుగా కనిపించాయి. మిగతా పట్టీలు గడిచేకొద్దీ ముదురుతుంటే, ఒకటి మాత్రం కణం రెండుగా చీలే వేళకు దాదాపు మాయమై మళ్లీ తేలింది. దానికే సైక్లిన్ అని పేరు పెట్టారు.

దీన్ని గ్రాఫ్‌గా గీద్దాం. అడ్డంగా కాలం, నిలువుగా పరిమాణం. సైక్లిన్ బి గీత నెమ్మదిగా ఎక్కి, నిట్టనిలువుగా పడుతుంది. దాని జోడీ ఎంజైము సీడీకే1 పరిమాణం దాదాపు మారదు కాబట్టి, ఆ గీత సమంగా సాగుతుంది. ఆ ఎంజైము చురుకుదనాన్ని చూపే మూడో గీత చాలాసేపు అడుగునే ఉండి, విభజన ముందు ఒక్కసారిగా లేస్తుంది.

సైక్లిన్ మెల్లగా పెరుగుతుంటే చురుకుదనం అంత హఠాత్తుగా ఎందుకు లేస్తుంది? చాలా కణాల్లో సైక్లిన్ అతుక్కున్నా, వీ1 అనే ఎంజైము సీడీకే1కు ఫాస్ఫేటు తగిలించి ఆపేస్తుంది. సీడీసీ25 దాన్ని తొలగిస్తుంది. మేల్కొన్న సీడీకే1 తిరిగి సీడీసీ25ను ఉరికించి, వీ1ను అణచేస్తుంది. కొద్దిగా మొదలైనది తనను తానే పెంచుకుంటుంది.

ఆ తర్వాత ఏపీసీ అనే ప్రోటీన్ల సమూహం సైక్లిన్‌కు యుబిక్విటిన్ గుర్తు వేస్తే, ప్రోటియాసోమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. ఆ గుర్తింపుకు అవసరమైన భాగాన్ని కత్తిరించిన సైక్లిన్‌ను కణసారంలో వేసి చూశారు. గీత దిగలేదు, విభజన దశ ముగియలేదు.