మమ అంటే ఏమిటి మామయ్యా?

2025 మార్చి 30, ఆదివారం, ఉగాది. విజయవాడలో మా వీధి చివరి శివాలయానికి మేనకోడల్ని తీసుకెళ్లాను. పదిహేనేళ్ల పిల్ల, పుట్టిందీ పెరిగిందీ డాలస్‌లో. తెలుగు బాగానే మాట్లాడుతుంది, కూడబలుక్కుని చదువుతుంది. పూజారిగారు గోత్రం, పేర్లు అడిగి సంకల్పం మొదలుపెట్టారు. చివర్లో "మమ అనండి" అన్నారు. అందరితో పాటు తనూ అంది. బయటికి రాగానే అడిగింది: "మమ అంటే ఏమిటి మామయ్యా? అక్కడి గుళ్లో కూడా అనమంటారు. క్రౌంచద్వీపే అని కూడా అంటారు. ఇక్కడ జంబూద్వీపే అన్నారేం?"

అర్థం తెలియకపోయినా తేడా పట్టుకుంది. అలా వినే పిల్లకు మాటల పట్టిక ఇస్తే లాభం లేదు. మాటల చివరలు వినడం నేర్పితే చాలనిపించింది. తెలుగులో మనం లో, యొక్క, కోసం, కు అని విడిగా చేర్చే పనిని సంస్కృతం మాట చివరి అక్షరాలతోనే చేస్తుంది. ఆ నాలుగూ పట్టుకుంటే గుళ్లో వినపడే దానిలో చాలా భాగం విడిపోతుంది.

ముందు 'లో' సంగతి. జంబూద్వీపే, భరతవర్షే, కలియుగే, ప్రథమపాదే. ఈ చివరి 'ఏ'కారమే మన 'లో'. జంబూద్వీపంలో, భరతవర్షంలో, కలియుగంలో, దాని మొదటి పాదంలో. తర్వాత శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెబుతారు. విజయవాడ ఈశాన్యం, హైదరాబాద్ వాయవ్యం. ఆపైన కృష్ణా గోదావరుల నడుమ అని ఇంకాస్త దగ్గరికి వస్తారు. చోటు అయ్యాక కాలం. ఆ రోజు మేం విన్నది విశ్వావసు నామ సంవత్సరే, ఉత్తరాయణే, వసంత ఋతౌ, చైత్ర మాసే, శుక్ల పక్షే, ఆపైన పాడ్యమి తిథి, భానువాసరే. ఋతౌ అన్నప్పుడు వినపడే 'ఔ' కూడా 'లో'యే. ఉకారంతోనో ఇకారంతోనో ముగిసే చాలా మాటలకు అది వస్తుంది. అంతా కలిపితే మనం ఉత్తరం మీద రాసే చిరునామా, తేదీ లాంటిదే. కాకపోతే విశ్వం నుంచి మొదలై వీధి వైపు వస్తుంది.

ఇక క్రౌంచద్వీపం. పురాణాలు చెప్పే ఏడు ద్వీపాల్లో అదొకటి. అమెరికాలో మన పురోహితులు చాలామంది క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే అని చెబుతారు. ఆ పేర్లు అమెరికాకు అన్వయించడం ఈమధ్య కాలపు ఏర్పాటు, అందరూ ఒకేలా చెప్పరు కూడా. అయినా ఆ ఏర్పాటు సరైనదనే నా అభిప్రాయం. డాలస్‌లో కూర్చుని జంబూద్వీపంలో ఉన్నానంటే సంకల్పంలోని చిరునామా తప్పవుతుంది.

తేదీ కూడా అంతే. తనకో అనుమానం ఉంది: అక్కడ నాన్న శనివారమే పండగ చేశారట, ఇక్కడ ఆదివారం ఏమిటని. తిథికి లెక్క సూర్యచంద్రుల మధ్య దూరం. అది మారే క్షణం లోకమంతటికీ ఒక్కటే, గడియారాలే వేరు. ఆ అమావాస్య మనకు శనివారం సాయంత్రం సుమారు నాలుగున్నరకు ముగిసింది. డాలస్‌లో అప్పటికి శనివారం ఉదయం ఆరు కావస్తోంది, ఇంకా తెల్లవారలేదు. సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూసి పండగ చేస్తాం గనక వాళ్లకు శనివారమే పాడ్యమి, మనకు ఆదివారం. వాళ్ల నాన్న లెక్క తప్పలేదు.

చోటూ కాలమూ అయ్యాక మనిషి. పూజారిగారు మన తరఫున చెబుతున్నప్పుడు గోత్రస్య, నామధేయస్య అంటారు. ఆ 'స్య' మన 'యొక్క'. ఫలానా గోత్రం వాడి, ఫలానా పేరు వాడి. ఆడపిల్లయితే నామధేయవత్యాః అని మారాలి. తొందరలో అందరికీ 'స్య' చెప్పేసేవాళ్లూ ఉంటారు. గోత్రం తెలియదంటే పూజ ఆగదు, కశ్యప గోత్రం చెప్పించడం వాడుక. మమ అన్నది ఈ వరసలోదే. మమ అంటే 'నా యొక్క'. పూజారి చెప్పిందంతా నాది, నా తరఫునే అని ఒప్పుకునే మాట. సగం మనసుతో పని ముగిస్తే తెలుగులో 'మమ అనిపించాడు' అంటాం చూడండి, ఆ మాట ఇక్కడి నుంచి వెళ్లిందే.

ఆ తర్వాత ఆయురారోగ్య ఐశ్వర్య అభివృద్ధ్యర్థం. మా పిల్ల ఇక్కడ పొరబడింది. అర్థం అంటే మీనింగ్ కదా అంది. తెలుగులో అంతే, ఇక్కడ మాత్రం 'కోసం'. చివరికి కరిష్యే. చేస్తాను అని. సంస్కృతంలో చేస్తాను అనడానికి కరిష్యామి అని ఇంకో రూపం ఉంది. ఫలం తనకే చెందేటప్పుడు కరిష్యే, ఇంకొకరికి చెందేటప్పుడు కరిష్యామి. మనకు ఈ తేడా కొత్త కాదు. వంట చేస్తాను, వంట చేసుకుంటాను అని మనమూ వేరు చేస్తాం. సంకల్పం అంటే ఇదీ: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, దేనికోసం చెప్పి, చేసుకుంటాను అని మాటివ్వడం. కోరిక ఒక్కటే ఉంటే సంకల్పం కాదు.

మాటిచ్చాక పని. అదే అర్చన. ఓం శివాయ నమః, ఓం మహేశ్వరాయ నమః, ఓం శంభవే నమః, ఓం పినాకినే నమః. ఇలా 108 పేర్లు, పేరుకో బిల్వదళం. నమః అంటే వంగడం. ఎవరికి వంగుతున్నామో ఆ పేరుకు 'కు' తగలాలి, ఇది పాణిని సూత్రంలోనే ఉన్న నియమం. శివ అన్న మాటకు 'కు' తగిలితే శివాయ, శంభుకు తగిలితే శంభవే, దుర్గకైతే దుర్గాయై. శివ నమః అంటే శివుడు ఒకవైపు, దణ్ణం ఒకవైపు ఉండిపోతాయి.

విదేశాల్లో పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. మా పిల్ల ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాల అష్టోత్తరం ఉంది. Shivaya అని చూసి 'శివయ' అని చదువుతోంది. ఆ లిపిలో హ్రస్వానికీ దీర్ఘానికీ ఒకే a కదా. పోయింది ఒక్క దీర్ఘమే, కానీ 'కు' ఉన్నది ఆ దీర్ఘంలోనే. 'వా' దగ్గర ఆగి చెప్పమన్నాను. నాలుగు పేర్లు దాటేసరికి తనే మిగతావి దిద్దుకుంది.

అర్చన అయ్యాక నైవేద్యం పెట్టారు, ఉగాది పచ్చడి. నివేదించడమంటే తెలియజేయడం. పత్రికల్లో చదివే 'నివేదిక' కూడా ఆ మాటే. తెర తీసి బయటికి తెచ్చాక అదే పచ్చడి ప్రసాదం అయింది. గిన్నె మారలేదు, పేరు మారింది. ప్రసాదం అంటే మొదట తిండి కాదు. కలక తేరి నీళ్లు నిర్మలం కావడం, ఆ తరవాత మనసు తేరడం, మొహం ప్రసన్నం కావడం. భగవద్గీత రెండో అధ్యాయంలో ప్రసాదం అంటే మనసు తేరుకోవడమే. ఎదుటివారు ప్రసన్నులై ఇచ్చినదానికి ఆ పేరు తరవాత వచ్చింది. వేపపువ్వు చేదుకు మా పిల్ల మొహం ముడిచింది గాని దొన్నె ఖాళీ చేసింది.

విదేశాల్లో పిల్లలున్నవారికి ఒక మనవి. వాళ్లకు ఇంగ్లీషు అక్షరాల్లో అష్టోత్తరం పంపేటప్పుడు దీర్ఘం ఉన్న ప్రతి a మీదా ఒక అడ్డగీత గీసి పంపండి. ఈసారి గుడికి వెళ్లినప్పుడు, రద్దీ లేని వేళ చూసి, సంకల్పం కాస్త నెమ్మదిగా చెప్పమని పూజారిగారిని అడగండి.