సంతకానికి ముందే లెక్కగట్టాల్సిన తేదీ

సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు కాంట్రాక్టులో ముందుగా వెతికేది ధర. ఆ తర్వాత ఎంతమంది వాడుకోవచ్చో, ట్రైనింగ్ ఎవరిస్తారో చూస్తారు. గడువు, రద్దు గురించి రాసిన పేజీ దాకా వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. అక్కడ ఉండే క్లాజు సారాంశం దాదాపు అన్ని కాంట్రాక్టుల్లోనూ ఒకటే. ఒప్పందం పన్నెండు నెలలు అమల్లో ఉంటుంది. గడువు ముగియడానికి కనీసం 90 రోజుల ముందు ఎవరో ఒకరు వద్దని రాసి ఇవ్వకపోతే మరో పన్నెండు నెలలకు దానంతటదే రెన్యువల్ అయిపోతుంది.

చదవడానికి ఇందులో తప్పుపట్టాల్సింది కనబడదు. చిక్కల్లా ఆ క్లాజులో ఒక్క తేదీ కూడా ఉండకపోవడమే. తేదీని మనం లెక్కగట్టుకోవాలి, అందుకు కావలసిన వివరాలేమో కాంట్రాక్టులో తలా ఒక చోట చెదిరి ఉంటాయి. ఒక ఊహా ఉదాహరణ తీసుకుని ఆ లెక్క కట్టి చూద్దాం.

విజయవాడలో ఒక చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్ ఉందనుకోండి. శాంపిళ్ల నమోదుకీ, రిపోర్టులకీ, బిల్లింగ్‌కీ కలిపి ఒక సాఫ్ట్‌వేర్ తీసుకుంది. పదిమంది వాడతారు, మనిషికి నెలకు 1,500 రూపాయలు, అంటే ఏడాదికి 1,80,000. సంతకం 2024 ఏప్రిల్ 10న అయింది. పాత డేటా ఎక్కించి, మెషీన్లకు కలిపి, సిబ్బందికి నేర్పి నిజంగా పని మొదలుపెట్టేసరికి జులై 1 వచ్చింది. యజమాని మనసులో ఏడాది జులైలో మొదలైంది, వచ్చే జూన్ 30తో అయిపోతుంది. ఆయన జాగ్రత్తపరుడే. 90 రోజుల సంగతి గుర్తుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ నచ్చక, ఏప్రిల్ రాకముందే, 2025 మార్చి 20న తనకు అమ్మిన సేల్స్ ప్రతినిధికి ఈమెయిల్ పెట్టాడు: ఈ ఏడాదితో ఆపేస్తున్నాం అని.

ఆ మెయిల్ రెండు నెలలకు పైగా ఆలస్యం. ఎలాగో చూడండి.

కాంట్రాక్టుతో పాటు ఆర్డర్ ఫారం అని ఒకటి రెండు పేజీల కాగితం ఉంటుంది. ధర, యూజర్ల సంఖ్య రాసేది అందులోనే. అదే కాగితం మీద, ఒక చిన్న గడిలో, సబ్‌స్క్రిప్షన్ మొదలయ్యే తేదీ 2024 ఏప్రిల్ 15 అని ఉంది. సాఫ్ట్‌వేర్ వాడకంలోకి వచ్చిన రోజుతో దానికి సంబంధం లేదు. లాగిన్ ఇచ్చిన రోజునుంచే కంపెనీ గడియారం తిరుగుతుంది. కాబట్టి ఏడాది ముగిసేది 2025 ఏప్రిల్ 14న. అక్కడినుంచి 90 రోజులు వెనక్కి లెక్కపెడితే తేలే తేదీ జనవరి 14.

ఆ రోజు సంక్రాంతి. ముందురోజు భోగి, మర్నాడు కనుమ. ఆంధ్ర ఊళ్లలో ఆ వారం కాగితాల పని ఎలా సాగుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకా అయిపోలేదు. కాంట్రాక్టు చివర్లో, ఎవరూ చదవని చోట, నోటీసుల క్లాజు ఉంటుంది. నోటీసు ఎవరికి పంపాలి, ఏ దారిలో పంపాలి, ఎప్పుడు అందినట్టు లెక్క అన్నది అందులో రాస్తారు. మన ల్యాబ్ కాంట్రాక్టు ప్రకారం నోటీసు కంపెనీ లీగల్ విభాగానికి, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు, కొరియర్‌లో వెళ్లాలి; పంపిన ఐదు రోజులకు అందినట్టు. అంటే కవరు జనవరి 9కల్లా బయలుదేరి ఉండాలి. సేల్స్ ప్రతినిధికి పెట్టిన మెయిల్ సకాలంలో పెట్టినా నోటీసు కింద లెక్కకు వచ్చేది కాదు. ఆయన ఫోన్లో “అలాగే సార్, నేను చూసుకుంటా” అన్నా అంతే. కాగితం మీద ఉన్నదే మొత్తం ఒప్పందం, మాటలతో చెప్పినవి చెల్లవు అని మరో క్లాజు ఎలాగూ ఉంటుంది.

రెన్యువల్ అయిన ఏడాదికి ధర ఎంత? అది ఫీజుల క్లాజులో ఉంటుంది. రెన్యువల్ నాటికి అమల్లో ఉన్న లిస్టు ధర అని రాసి ఉంటే పెరుగుదలకు హద్దు లేనట్టే. మొదటి ఏడాది ఇచ్చిన డిస్కౌంటు కూడా చాలాసార్లు ఇక్కడే మాయమవుతుంది. మన లెక్కలో 15 శాతం పెరిగిందనుకుంటే 1,80,000 కాస్తా 2,07,000 అవుతుంది. 18 శాతం జీఎస్టీతో 2,44,260. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉండడంతో ఈ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకునే వీలు కూడా ల్యాబుకు సాధారణంగా ఉండదు.

సరే, రెన్యువల్ అయిపోయింది, మధ్యలో మానేయవచ్చా? ఇక్కడ రెండు రకాల టర్మినేషన్లను వేరుగా చూడాలి. కారణం చెప్పకుండా, ముందస్తు నోటీసు ఇచ్చి తప్పుకోవడం ఒకటి. వకీళ్లు దీన్ని టర్మినేషన్ ఫర్ కన్వీనియన్స్ అంటారు. కంపెనీలు తయారుచేసిన కాంట్రాక్టుల్లో కొనేవాడికి ఈ హక్కు చాలావరకు ఉండదు. ఉండకపోవడం కళ్లకు కనబడదు, అదే ఇబ్బంది. లేని క్లాజును వెతికి మరీ లేదని తేల్చుకోవాలి. రెండోది, అవతలివాళ్లు మాట తప్పితే తప్పుకోవడం. ఇది అన్ని కాంట్రాక్టుల్లోనూ ఉంటుంది, చూడ్డానికి భరోసాగానే ఉంటుంది. గంభీరమైన ఉల్లంఘన జరిగిందని రాసి ఇవ్వాలి, సరిదిద్దుకోవడానికి 30 రోజులు గడువివ్వాలి, అప్పటికీ సరిదిద్దకపోతే రద్దు చేయవచ్చు.

అయితే సాఫ్ట్‌వేర్ రోజుల తరబడి పడిపోతే అది ఉల్లంఘనే కదా అనుకుంటాం. ఆ దారిని మూసే వాక్యం ఇంకోచోట, సర్వీసు స్థాయి గురించిన అనుబంధంలో ఉంటుంది. నెలలో 99.5 శాతం సమయం సాఫ్ట్‌వేర్ పనిచేయకపోతే ఆ నెల ఫీజులో 5 శాతం క్రెడిట్ ఇస్తాం, ఇదొక్కటే పరిహారం, మరేదీ అడగరాదు అని. మన ల్యాబు నెల ఫీజు 15,000, అందులో 5 శాతం 750. సిస్టమ్ వారం రోజులు పడుకుని, పేషెంట్లు కౌంటర్ దగ్గర గొడవపడినా, వచ్చేది 750 రూపాయల క్రెడిట్. ఆ “ఒక్కటే పరిహారం” అన్న మాట కనబడితే, వరుసగా రెండు నెలలు సేవ దెబ్బతింటే రద్దుచేసుకునే హక్కు ఉంటుందని పక్కన రాయించుకోవాలి. అడిగితే ఎక్కువమంది ఒప్పుకుంటారు, ఎందుకంటే తమ సాఫ్ట్‌వేర్ అన్నిసార్లు పడిపోతుందని ఏ కంపెనీ అమ్మేటప్పుడు అనదు.

డబ్బు కట్టడం మానేస్తే సరిపోతుంది కదా అని కొందరంటారు. కార్డు మీదో యూపీఐ మీదో ప్రతి నెలా దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు ఉంటే, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కనీసం 24 గంటల ముందు సమాచారం రావాలి, ఆ మ్యాండేట్‌ను మనం రద్దు చేసుకోవచ్చు. కానీ దాంతో ఆగేది చెల్లింపు మాత్రమే, ఒప్పందం ఆగదు. మిగిలిన నెలల ఫీజు బాకీగా నిలుస్తుంది. ముందే తప్పుకుంటే మిగతా గడువు మొత్తం ఫీజు ఒకేసారి చెల్లించాలని రాసిన కాంట్రాక్టులూ ఉన్నాయి.

అలాంటి మొత్తాన్ని చట్టం కళ్లు మూసుకుని ఇప్పించదు, నిజమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత అని ముందే రాసుకున్నా, దక్కేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారమే. కానీ కంపెనీ దాన్ని పరిహారంగా కాదు, కట్టాల్సిన ఫీజుగా అడుగుతుంది. పైగా వివాదం బెంగళూరులోనో ముంబైలోనో ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలని రాసి ఉంటే, రెండు లక్షల కోసం అక్కడిదాకా వెళ్లేవాళ్లు తక్కువ. వినియోగదారుల చట్టం ఆసరా కూడా అంతంతే. 2023లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు సబ్‌స్క్రిప్షన్ ఉచ్చును నిషేధించిన పద్ధతుల జాబితాలో చేర్చాయి. అయితే 2019 చట్టం ప్రకారం వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారు. సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొన్నవారికి మాత్రమే మినహాయింపు. పదిమంది సిబ్బంది ఉన్న ల్యాబు ఆ మినహాయింపులోకి రావడం కష్టం.

ఇది చిన్న ఊళ్లలో కొనేవాళ్లకే వచ్చే బెడద కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూన్‌లో అడోబీ మీద వేయించిన దావా ఇలాంటిదే. నెలనెలా కట్టే ప్లాన్‌లా కనబడేది నిజానికి ఏడాది ఒప్పందమని, మొదటి ఏడాదిలో మానేస్తే మిగిలిన వాయిదాల్లో సగం రుసుముగా కట్టాలన్న సంగతిని సరిగా కనబడనివ్వలేదని ఆరోపణ.

కాబట్టి బేరమంతా సంతకానికి ముందే జరగాలి. నా మటుకు ధరలో రెండు శాతం తగ్గించమని అడగడం కంటే ఆటో రెన్యువల్ క్లాజు తీసేయమని అడగడం మేలు. ఒప్పుకుంటే, ఇద్దరూ రాసి సంతకం చేస్తేనే రెన్యువల్ అవుతుందని మార్పించండి. ఒప్పుకోకపోతే 90ని 30 చేయమనండి. ఆ గడువుకు నెల ముందు కొత్త ధరతో సహా గుర్తుచేస్తూ మెయిల్ పంపాలని, పంపకపోతే రెన్యువల్ చెల్లదని రాయించండి. నోటీసుకు ఒక ఈమెయిల్ చిరునామా చాలనిపించండి. పెరుగుదలకు ఐదు శాతమో ఏడు శాతమో హద్దు పెట్టించండి. నెల ముగింపు టార్గెట్ ఒత్తిడిలో ఉన్న సేల్స్ మనిషి వీటిలో సగమైనా పైవాళ్ల చేత ఒప్పించుకొస్తాడు. మార్పులన్నీ ఆర్డర్ ఫారంలోనే రాయించి, ప్రధాన ఒప్పందంతో తేడా వస్తే ఆర్డర్ ఫారమే చెల్లుతుందన్న వాక్యం ఉందో లేదో చూసుకోండి. చాలా కాంట్రాక్టుల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. ప్రధాన ఒప్పందం కంపెనీ వెబ్‌సైట్‌లో ఉందని లింకు మాత్రమే ఇస్తే, సంతకం రోజున ఉన్న ప్రతిని పీడీఎఫ్‌గా దాచుకోండి, ఎందుకంటే ఆ పేజీ రేపు మారవచ్చు.

ఏదీ ఒప్పుకోకపోయినా ఒక దారి మిగులుతుంది. క్లాజులో “కనీసం 90 రోజుల ముందు” అని మాత్రమే ఉంటే, ఎంత ముందు ఇచ్చినా చెల్లుతుంది. సంతకం చేసిన మర్నాడే రెన్యువల్ వద్దని పద్ధతి ప్రకారం నోటీసు పంపేయవచ్చు. ఏడాది తర్వాత సాఫ్ట్‌వేర్ నచ్చితే కొత్తగా మాట్లాడుకోవచ్చు, అప్పుడు బేరంలో పైచేయి మనదే. “90 రోజులకు తక్కువ కాకుండా, 120 రోజులకు మించకుండా” అని రెండువైపులా కట్టేసి ఉంటే మాత్రం ఈ ఉపాయం పారదు. ఆ నెల రోజుల కిటికీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోవాల్సిందే.

తప్పుకునేటప్పుడు డేటా సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఒప్పందం ముగిశాక 30 రోజుల్లో డేటా చెరిపేస్తామని చాలామంది రాస్తారు. మన ల్యాబుకు వేల రిపోర్టులు విడివిడి పీడీఎఫ్‌లుగా ఇస్తే ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించలేరు. ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైళ్లుగా, రుసుము లేకుండా ఇవ్వాలని ముందే రాయించాలి. వీలైతే సంతకానికి ముందు డెమోలోనే ఒక ఎక్స్‌పోర్ట్ చేయించి చూడండి. చేయలేక తడబడితే ఆ కంపెనీ నుంచి బయటపడడం ఎలా ఉంటుందో అక్కడే తెలుస్తుంది.

ఇప్పటికే నడుస్తున్న కాంట్రాక్టు మీ బీరువాలో ఉంటే ఈ వారమే బయటకు తీయండి. ఆర్డర్ ఫారంలో సబ్‌స్క్రిప్షన్ మొదలైన తేదీ, గడువు, నోటీసు రోజులు, నోటీసు పంపే పద్ధతి ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి, కవరు బయలుదేరాల్సిన తేదీ కట్టండి. దానికి రెండు వారాల ముందు, మీ ఫోన్‌తో పాటు మీ అకౌంటెంట్ ఫోన్లో కూడా అలారం పెట్టించండి.