పసుపుకీ గోరింటాకుకీ మధ్య ఒక రాత్రి

మన ఇళ్ళలో పెళ్ళికూతుర్ని చేయడం, నలుగు పెట్టడం ఎప్పటినుంచో ఉన్నవే. ఉత్తరాదివారిని చూసి వాటినే ఇప్పుడు హల్దీ అంటున్నాం, గోరింటాకుని మెహందీ అంటున్నాం. పేరు ఏదైతేనేం గానీ, రెండింటినీ ఒకే రోజున పెట్టుకుంటే మాత్రం చిక్కే. గోరింటాకు పండాలంటే నీళ్ళు తగలకూడదు. పసుపయ్యాక స్నానం తప్పదు, పైగా సున్నిపిండితో రుద్దితే చర్మం పైపొర కాస్త ఊడుతుంది. గోరింటాకు పట్టేదీ ఆ పైపొరకే కదా!

కాబట్టి ముహూర్తం నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. పెళ్ళి ఆదివారం పొద్దున్న అనుకుందాం. అమ్మాయికి శుక్రవారం పొద్దున్న 10 గంటలకే గోరింటాకు మొదలుపెట్టించండి. మోచేతుల దాకా రెండువైపులా వేయడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ముందే కడుపునిండా టిఫిను పెట్టి, బాత్‌రూమ్‌కి వెళ్ళి రమ్మనండి. తర్వాత రెండు చేతులూ కదపలేదు, పాపం, అన్నం కూడా ఎవరో ఒకరు తినిపించాల్సిందే. రాత్రి 9 గంటలకు నీళ్ళు తగలకుండా గోకి తీసేసి, కొబ్బరినూనె రాయండి. అప్పుడు రంగు నారింజపండులా ఉంటే పండలేదని కంగారు పడకండి. గాలి తగిలి, ఒకటి రెండు రోజుల్లో అదే ముదురుతుంది. సరిగ్గా పీటల మీద కూర్చునే వేళకి ఎర్రగా ఉంటుంది.

పది నిమిషాల్లో నల్లగా పండుతుందనే కోను ఎవరైనా తెస్తే వద్దనండి. దాంట్లో తలకి వేసే రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం ఉండవచ్చు. కొందరికి అది పడక బొబ్బలెక్కుతుంది, మచ్చలు కూడా మిగులుతాయి. అసలు గోరింటాకు అంత త్వరగా పండదు, కారునలుపుగానూ పండదు.

పేరంటాళ్ళను సాయంత్రం 4 గంటలకు పిలవండి. ఒక అరచేతికి చిన్న డిజైను వేయడానికి పావుగంట. అంటే గంటకి నలుగురు. ఇరవై మందికి ఒక్క అమ్మాయే వేస్తే రాత్రి 9 అవుతుంది, ఇద్దరుంటే ఆరున్నరకి అయిపోతుంది. వేసే అమ్మాయిలని కిటికీ పక్కన, ఫ్యాను గాలి సూటిగా తగలని చోట కూర్చోబెట్టండి. గాలికి ముద్ద త్వరగా ఎండి రాలిపోతుంది. వేయించుకునేవారికి కుర్చీ, ఒళ్ళో తలగడ, దాని మీద పాత తువ్వాలు ఉంటే చాలు. మిగతావారికి గోడవారగా చాపలు పరవండి. నడవడానికి మధ్యలో దారి వదలాలి, లేకపోతే ఎవరి చెయ్యో ఎవరి చీరకో అంటుతుంది.

తినేవి ఒంటిచేత్తో, ఒక్క నోటికి పట్టేవి ఉండాలి. చిన్న పునుగులు, చేగోడీలు, గోలీలంత సున్నుండలు బాగుంటాయి. చట్నీలు, పులుసులు వద్దు. ప్లేట్లలో పుల్లలు గుచ్చి ఇస్తే చేతులు పాడవవు. మజ్జిగ గ్లాసులకు స్ట్రాలు మరిచిపోకండి.

పసుపు శనివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి. అప్పటికి గోరింటాకు తీసి పదకొండు గంటలు దాటుతుంది. పసుపు పూసేముందు చేతులకి మళ్ళీ నూనె రాసి, అరచేతులు వదిలి బుగ్గలకి, భుజాలకి, పాదాలకి పూయమని పెద్దవాళ్ళకు చెప్పండి. స్నానంలోనూ చేతులకి సున్నిపిండి, సబ్బు వద్దు. మొహానికి కస్తూరి పసుపు మేలు, వంటపసుపంత గట్టిగా అంటదు. ఏదైనా రెండు రోజుల ముందే మోచేతి మడతలో రాసి చూసుకోండి. మంట, దురద వస్తే మానేయాలి. చీర మీద పసుపు పడిందని వెంటనే సబ్బు పెడితే ఎర్రబడుతుంది. సున్నం కలిస్తే పసుపు కుంకుమైనట్టే ఇదీనూ. కడిగాక ఎండలో ఆరేస్తే మరక చాలావరకు వెలిసిపోతుంది.

ఇక ఫోటోలు. ఎక్కువమంది చేసే పని, పసుపు చీర, పసుపు బంతిపూలు, పసుపు గుడ్డ పందిరి. అన్నీ ఒకే రంగైతే అమ్మాయి మొహానికి పూసిన పసుపు ఎక్కడా కనబడదు. పైన పసుపు గుడ్డ కడితే దాని నీడ మొహాలన్నిటికీ కామెర్లొచ్చినట్టు రంగు పులుముతుంది. అమ్మాయికి పసుపు చీర ఉంచండి గానీ, వెనకాల మామిడాకులు, అరటాకులు, తెల్ల దుప్పటి పెట్టండి. పైన తెల్ల గుడ్డ కట్టండి. ఎదురుగా తెల్ల గోడ ఉన్న వరండా నీడలో, పొద్దుటి వెలుతురులో, దీపాలు ఆర్పి తీయండి. పూయకముందే శుభ్రమైన మొహంతో అమ్మానాన్నలతో రెండు ఫోటోలు తీసుకోవాలి. ఆ తర్వాత మళ్ళీ దొరకదు. ఫోను పట్టుకునే బాధ్యత పసుపు ముట్టని ఒక్కరికే అప్పగించండి, లేకపోతే లెన్సు మీద పసుపు వేలిముద్ర పడి, మిగతా ఫోటోలన్నీ మసకగా వస్తాయి.