ప్రశ్నను బట్టే సమీక్ష

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మొదటి గండం ఊపిరే. ఊపిరితిత్తులు ఇంకా సిద్ధం కాకపోవడంతో గాలి లోపలికి వెళ్లినా అవి విచ్చుకోవు. 1960లలో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే వైద్యుడు గొర్రెల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. గర్భంలో ఉండగా స్టెరాయిడ్ ఎక్కించిన గొర్రెపిల్ల చాలా ముందుగా పుట్టినా ఊపిరి తీసుకోవడం ఆయన కంటబడింది. తర్వాత పిల్లల వైద్యుడు రాస్ హోవీతో కలిసి, ముందుగా కాన్పయ్యే ప్రమాదం ఉన్న 282 మంది గర్భిణులతో ట్రయల్ నడిపి 1972లో ఫలితాలు ప్రచురించాడు. నొప్పులు వాటంతటవే మొదలైన వారిని చూస్తే, స్టెరాయిడ్ అందిన తల్లుల బిడ్డల్లో తొలి రోజుల మరణాలు 3.2 శాతం. మందు అందనివారిలో 15 శాతం.

ఇంత తేడా కనిపించినా ఆ ఇంజెక్షన్ చాలా దేశాల్లో మామూలు వైద్యంలోకి రావడానికి సుమారు ఇరవయ్యేళ్లు పట్టింది. తర్వాత జరిగిన ట్రయల్స్ చాలావరకు చిన్నవి. ఒక్కోదాన్ని విడిగా చదివితే మందు పనిచేసిందేమో అనిపిస్తుంది, కచ్చితంగా మాత్రం చెప్పలేం. 1990లో పట్రీషియా క్రౌలీ, మరి ఇద్దరు వైద్యులు అప్పటిదాకా జరిగిన 12 ట్రయల్స్‌ను, అంటే 3,000 మందికి పైగా గర్భిణుల ఫలితాలను ఒకచోట చేర్చారు. అప్పుడు సందేహం తీరింది. 1994లో అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన నిపుణుల సదస్సు ఈ మందు వాడమని సిఫారసు చేసింది.

పాత పరిశోధనలన్నిటినీ వెతికి చదివి ఒక మాట చెప్పే పని మూడు రకాలుగా సాగుతుంది. అవి స్కోపింగ్ రివ్యూ, సిస్టమాటిక్ రివ్యూ, మెటా అనాలిసిస్. ఈ మూడూ ఒకే నిచ్చెనకు మెట్లనీ, పైకి వెళ్లేకొద్దీ గొప్పవనీ చాలామంది విద్యార్థులు అనుకుంటారు. అది నిజం కాదు. ఏది చేయాలో నిర్ణయించేది పరిశోధకుడి ముందున్న ప్రశ్న. ఈ ఇంజెక్షన్ కథనే పట్టుకుని చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

ఒకే ప్రశ్న, గట్టి జవాబు

‘నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదంలో ఉన్న గర్భిణికి స్టెరాయిడ్ ఇస్తే, ఇవ్వనప్పటి కంటే శిశుమరణాలు తగ్గుతాయా?’ ఈ ప్రశ్నలో నాలుగు ముక్కలు స్పష్టంగా ఉన్నాయి: ఎవరికి, ఏం ఇచ్చారు, దేనితో పోల్చారు, ఏ ఫలితం చూశారు. ఈ నాలుగింటినీ ముందే బిగించి చెప్పగలిగితే సిస్టమాటిక్ రివ్యూ చేయవచ్చు.

అసలు పని వెతకడానికి ముందే మొదలవుతుంది. ఎలాంటి అధ్యయనాలను తీసుకుంటాం, వేటిని వదిలేస్తాం, ఏ ఫలితాన్ని ప్రధానంగా చూస్తాం అన్నది ప్రోటోకాల్‌గా రాసి, ప్రాస్పెరో వంటి రిజిస్టర్‌లో నమోదు చేయాలి. ఫలితాలు చూశాక, నచ్చని అధ్యయనాన్ని ఏదో వంకతో తప్పించే అవకాశం లేకుండా చేయడానికే ఈ ఏర్పాటు. ఆ తర్వాత ఒకటికి మించిన డేటాబేస్‌లలో వెతుకుతారు. దొరికిన శీర్షికలను, సారాంశాలను ఇద్దరు విడివిడిగా చదివి ఎంపిక చేస్తారు. అభిప్రాయం కలవనిచోట మూడో వ్యక్తి తేలుస్తారు. ఎన్ని దొరికాయి, ఎన్ని తీసేశారు, ఎందుకు తీసేశారు అన్నది చివర ఒక పటంలో చూపుతారు.

సిస్టమాటిక్ రివ్యూకు ప్రాణం దీని తర్వాతి అడుగులో ఉంది. ఎంపికైన ప్రతి ట్రయల్‌నూ నమ్మవచ్చా అని పరీక్షించాలి. ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ అన్నది నిజంగా లాటరీ పద్ధతిలోనే తేల్చారా? ఆ వరస డాక్టరుకు ముందే తెలిసిపోయిందా? మధ్యలో ఎంతమంది తప్పుకున్నారు? పది బలహీనమైన ట్రయల్స్ ఒకే మాట చెప్పినంత మాత్రాన అది నిజమైపోదు.

లెక్క కలిపే విద్య

మెటా అనాలిసిస్ గణాంక పద్ధతి. సిస్టమాటిక్ రివ్యూలో తేలిన అంకెలను కలిపి ఒకే అంచనాకు రావడమే దాని పని. అంకెలు కలపదగినవి కాకపోతే సిస్టమాటిక్ రివ్యూ అక్కడే ఆగుతుంది, అది లోపమేమీ కాదు. కానీ పద్ధతి ప్రకారం వెతకకుండా చేతికందిన అధ్యయనాలను మాత్రమే కలిపిన మెటా అనాలిసిస్‌ను నమ్మలేం.

కలపడమంటే అన్ని ట్రయల్స్‌లోని మరణాలను కూడేయడం కాదు. ప్రతి ట్రయల్‌లోనూ మందు అందినవారిని అదే ట్రయల్‌లో అందనివారితోనే పోల్చి, ఆ పోలికలను కలపాలి. లెక్క కోసం రెండు ట్రయల్స్ ఊహించుకుందాం. మొదటిదాంట్లో మందు అందిన 50 మంది బిడ్డల్లో 5 మరణాలు, అందని 50 మందిలో 8. రెండోదాంట్లో 500 మందిలో 50, మరో 500 మందిలో 70.

మొదటి ట్రయల్‌లో మరణాల నిష్పత్తి సుమారు 0.63. అంటే ముప్పు మూడో వంతుకు పైగా తగ్గినట్టు. కానీ మనుషులు తక్కువ కాబట్టి, అసలు విలువ 0.22 నుంచి 1.78 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఒకటి అంటే తేడా లేదని, ఒకటి దాటితే హాని అని అర్థం. కాబట్టి ఈ ట్రయల్ ఏదీ తేల్చలేదు. రెండోదాంట్లో నిష్పత్తి 0.71. దాని హద్దులు 0.51 నుంచి, ఒకటిని వెంట్రుకవాసి దాటేదాకా ఉన్నాయి. ఇదీ తేల్చలేదు. ఇప్పుడు ఎంత కచ్చితత్వానికి అంత బరువు ఇచ్చి రెండింటినీ కలుపుదాం. పెద్ద ట్రయల్‌కు చిన్నదాని కంటే తొమ్మిది రెట్లకు పైగా బరువు వస్తుంది. కలిపిన నిష్పత్తి 0.71. హద్దులు 0.51 నుంచి 0.98. రెండు హద్దులూ ఒకటికి లోపే ఉన్నాయి. విడివిడిగా ఏదీ చెప్పలేకపోయిన రెండు ట్రయల్స్ కలిసి జవాబు చెప్పాయి.

వైద్య సమీక్షలకు పేరొందిన కాక్రేన్ సంస్థ చిహ్నంలోని బొమ్మ ఈ స్టెరాయిడ్ ట్రయల్స్‌దే. ఒక్కో అడ్డగీత ఒక్కో ట్రయల్ హద్దులను చూపుతుంది. మధ్యలోని నిలువు గీత ‘తేడా లేదు’ అనే చోటు. అడ్డగీతల్లో ఎక్కువ భాగం దాన్ని తాకుతాయి. అడుగున ఉన్న వజ్రం ఆకారం కలిపిన ఫలితం. అది నిలువు గీతను తాకదు.

కలపకూడనివి

2015లో ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు ఈ రంగాన్ని కుదిపేశాయి. భారత్ సహా ఆరు దేశాల్లో, ఎక్కువగా గ్రామీణ ప్రాంతాల్లో, ఈ ఇంజెక్షన్‌ను విస్తృతంగా అందించే ఏర్పాటు చేసి చూశారు. చాలా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల్లో మరణాలు తగ్గలేదు. పుట్టిన బిడ్డలందరినీ లెక్కలోకి తీసుకుంటే వెయ్యికి 23.9 ఉండాల్సిన మరణాలు ఏర్పాటు జరిగిన ప్రాంతాల్లో 27.4 అయ్యాయి. తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానాలూ పెరిగాయి. ఎన్నో నెలో కచ్చితంగా తెలియనిచోట, ఇంజెక్షన్ తీసుకున్న చాలామందికి ముందస్తు కాన్పు జరగనే లేదు.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన మరో ట్రయల్ వచ్చింది. భారత్ సహా ఐదు దేశాల్లోని 29 ఆసుపత్రుల్లో, 2,852 మంది గర్భిణులతో దాన్ని చేశారు. స్కానింగ్‌తో నెలలు లెక్కకట్టి, బిడ్డకు సరైన సంరక్షణ ఉన్నచోట ఇచ్చారు. మందు అందినవారి బిడ్డల్లో మరణాలు 19.6 శాతం, అందనివారిలో 23.5 శాతం.

ఈ రెండింటినీ కలిపి ఒకే వజ్రం గీస్తే ఎవరికీ పనికిరాని సగటు మిగులుతుంది. మందు ఒకటే అయినా ప్రశ్నలు వేరు. ఒకటి మందు గుణాన్ని అడిగింది, మరొకటి ఆ మందును ఊళ్లకు చేర్చే పద్ధతిని పరీక్షించింది. ఫలితాల మధ్య కనిపించే తేడాల్లో యాదృచ్ఛికం కానిది ఎంత శాతమో చెప్పే ఐ-స్క్వేర్ అనే కొలత ఒకటుంది. అది 80, 90 శాతానికి చేరితే, లెక్క చూసే ముందు ఆ అధ్యయనాలు ఎక్కడ, ఎవరి మీద జరిగాయో చూడాలి.

ముందు పరిస్థితి ఏమిటో చూడాలంటే

మన దేశంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల్లో, గర్భిణిని పెద్దాసుపత్రికి పంపే ముందు ఏఎన్‌ఎం ఒక డోసు ఇవ్వవచ్చని చెప్పింది. ఇప్పుడు ఒక పరిశోధకురాలు తెలుసుకోవాలనుకున్నది ఇది: ‘జిల్లా, మండల స్థాయిలో ఈ ఇంజెక్షన్ ఎలా అందుతోంది, ఎక్కడ ఆగిపోతోంది, దీని మీద ఎలాంటి పరిశోధనలు జరిగాయి?’ ఇందులో పోల్చడానికి రెండు గుంపులు లేవు, ఒకే ఫలితమూ లేదు. దొరికేవి ఏఎన్‌ఎంలతో ఇంటర్వ్యూలు, ఆసుపత్రి రికార్డుల లెక్కలు, శిక్షణ నివేదికలు, ప్రభుత్వ పత్రాలు. ఇక్కడ తగినది స్కోపింగ్ రివ్యూ.

హిలరీ ఆర్క్సీ, లీసా ఓమాలీ 2005లో దీనికి ఒక చట్రం ఏర్పరిచారు. ఇక్కడ ప్రశ్నలో మూడు ముక్కలుంటాయి: ఎవరు, ఏ అంశం, ఏ పరిస్థితి. వెతకడంలో సిస్టమాటిక్ రివ్యూకున్నంత నియమం ఉండాలి, ప్రోటోకాల్ కూడా ముందే రాయాలి. ప్రాస్పెరో స్కోపింగ్ రివ్యూలను తీసుకోదు కాబట్టి దాన్ని మరోచోట పెడతారు. ఒక్కో అధ్యయనం ఏ దేశానిది, ఏ పద్ధతిది, ఏ అంశాన్ని చూసింది అని పట్టికలో నింపుతారు. నాణ్యతను తూచడం సాధారణంగా ఉండదు. అందుకే ‘ఈ పద్ధతి మంచిది, అమలు చేయండి’ అని చెప్పే హక్కు ఈ రివ్యూకు లేదు. పొలం కొలిచి హద్దు రాళ్లు పాతితే ఎక్కడ సాగైంది, ఎక్కడ బీడు పడింది తెలుస్తుంది కానీ, ఎకరాకు ఎన్ని బస్తాలు పండుతాయో తెలియదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుల విషయమూ ఇలాంటిదే. నీటిలోని ఖనిజాలు, పురుగుమందులు, ఎండలో కష్టం, వంశపారంపర్యం అని రకరకాల కారణాల మీద రకరకాల పద్ధతుల్లో పరిశోధనలు జరిగాయి. ఏది ఎంత లోతుగా చూశారు, ఏది ఎవరూ ముట్టుకోలేదు అని తెలుసుకోవడానికి స్కోపింగ్ రివ్యూ సరిపోతుంది. తర్వాత అందులో ఒక్క కారణాన్ని పట్టుకుని, ‘దీనికి లోనైనవారిలో జబ్బు ఎక్కువా?’ అని అడిగే సిస్టమాటిక్ రివ్యూ చేయవచ్చు. ఆ అధ్యయనాలు ఒకే విధంగా కొలిచి ఉంటేనే మెటా అనాలిసిస్ వంతు వస్తుంది.

ఎంచుకునేవారికి, చదివేవారికి

రివ్యూ మొదలుపెట్టే విద్యార్థి ముందు తన ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ‘ఏమేం ఉన్నాయి, ఎలా చూశారు, ఖాళీలెక్కడ’ అని ఉంటే స్కోపింగ్. ‘ఇది పనిచేస్తుందా, హాని చేస్తుందా’ అని ఉంటే సిస్టమాటిక్. ‘ఎంత మేరకు’ అని కూడా అడిగి, దొరికిన అధ్యయనాలు మనుషుల్లో, మందులో, కొలతలో దగ్గరగా ఉంటే మెటా అనాలిసిస్. చివరిది చేయాలా వద్దా అన్న నిర్ణయం అధ్యయనాలు చేతికొచ్చాకే తేలుతుంది. కానీ ఎప్పుడు చేస్తాం, ఎప్పుడు చేయం అన్న షరతు ప్రోటోకాల్‌లో ముందే ఉండాలి.

చదివేవారు మూడు చోట్ల ఆగి చూడాలి. స్కోపింగ్ రివ్యూ అని పేరు పెట్టి చివర చికిత్స సిఫారసు చేస్తే, తూచని సాక్ష్యం మీద తీర్పు చెప్పినట్టు. సిస్టమాటిక్ అని రాసి ప్రోటోకాల్ నమోదు లేకపోతే, అధ్యయనాలను ఏరుకోలేదన్న హామీ లేదు. మెటా అనాలిసిస్‌లో చిన్న ట్రయల్స్ అన్నీ మంచి ఫలితమే చూపుతుంటే, మందు పనిచేయలేదని తేలిన చిన్న ట్రయల్స్ అచ్చుకు నోచుకోలేదేమో అనుమానించాలి. లెక్క ఎంత సరిగా చేసినా, అచ్చు కాని ఆ ట్రయల్స్ లేకపోతే వచ్చే జవాబు మందును ఉన్నదానికంటే గొప్పగా చూపుతుంది.