బండి చేతులు మారింది, పాలసీ?

పాత కారు కొన్నవాళ్లు ఆర్‌సీ తమ పేరుకు మారగానే పని అయిపోయిందనుకుంటారు. పాలసీ మాత్రం అమ్మినాయన పేరునే ఉండిపోతుంది. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం, మన బండి తగిలి ఎదుటివారికి జరిగే నష్టానికి ఇచ్చే థర్డ్ పార్టీ బీమా కొన్నవారికి దానంతటదే వస్తుంది. సొంత కారు దెబ్బతింటే ఇచ్చే బీమా అలా రాదు. 1995లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. పాలసీ పేరు మార్చుకోకముందు కారు నుజ్జయితే, కంపెనీ ‘మీతో మాకు ఒప్పందమే లేదు’ అంటుంది. అమ్మినాయన అడిగినా, ఆయనకిప్పుడు కారే లేదు.

అందుకే కొన్న 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేయాలి. కొత్త ప్రపోజల్ ఫారం, పాత పాలసీ, ఆర్‌సీ లేదా ఫారం 29, 30 నకళ్లు, అమ్మినవారి అంగీకార పత్రం సాధారణంగా అడుగుతారు. నామినీ, చిరునామా కూడా అప్పుడే మార్పించుకోండి.

కొంత డబ్బూ కట్టాలి. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు. సొంత నష్టం ప్రీమియం 10,000 రూపాయలు, పాత యజమాని రాయితీ 35 శాతం, గడువు ఆరు నెలలు మిగిలిందనుకుంటే, మీరు సుమారు 1,750 రూపాయలు, పైన ఫీజు, పన్ను చెల్లించాలి.

చివరగా ఎండార్స్‌మెంట్ పత్రం చేతికి తీసుకుని, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీతో సరిచూసుకోండి.