ఫైలు బల్ల మీదికి రావాలంటే

"అయ్యా, మా నాన్నగారి పేరున ఉన్న పొలం మా పేరుకు మార్చమని చాలాకాలం కిందట అర్జీ పెట్టుకున్నాం. ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నాం. దయచేసి మాట్లాడటానికి సమయం ఇప్పించగలరు."

ఇలాంటి ఉత్తరాలు తహసీల్దార్ ఆఫీసులకు బోలెడు వస్తుంటాయి. మర్యాదకేమీ లోటు లేదు, బాధా నిజమే. కానీ దీన్ని చేతిలో పట్టుకున్న గుమాస్తా ఏం చేయగలడు? ఏ ఊరు, ఏ సర్వే నంబరు, అర్జీ ఏ తేదీన పెట్టారు, ఎవరి పేరున పెట్టారు? వీటిలో ఒక్కటీ లేదు. మండలంలో అదే ఇంటిపేరుతో అరవై మంది ఉండొచ్చు. ఉత్తరం ఒక అట్టలోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. పదిహేను రోజుల తర్వాత ఆయనే వచ్చి "ఉత్తరం రాశాను, జవాబు లేదు" అంటాడు. జవాబు ఇవ్వడానికి అందులో ప్రశ్నే లేదు.

అధికారిని కలిసే సమయం అడగడం సగం పనే. ఆ సమయానికి మన ఫైలు ఆయన బల్ల మీద ఉండాలి. ఫైలు లేకుండా కలిస్తే ఆయన చెప్పేది "చూస్తాను" అన్న ఒక్క మాటే. పాపం, అంతకు మించి చెప్పడానికి ఆయన దగ్గరా ఏమీ ఉండదు. కాబట్టి ఉత్తరం ఫైలును వెతికి పెట్టగలిగేలా ఉండాలి. ఆ పని చేసేది "సూచిక" అని రాసే రెండు మూడు పంక్తులు.

అవి ఎలా పనిచేస్తాయో తెలియాలంటే ఆఫీసులోకి ఒకసారి తొంగి చూడాలి. వచ్చిన కాగితాన్ని తపాలు అంటారు. దాని మీద తేదీ ముద్ర పడుతుంది, ఒక నంబరు పడుతుంది. అధికారి చూసి సంతకం గీసి ఏ సెక్షన్‌కు వెళ్లాలో రాస్తాడు. ఆ సెక్షన్ గుమాస్తా తన పర్సనల్ రిజిస్టర్‌లో ఎక్కించుకుంటాడు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచి వస్తున్న టాటన్‌హామ్ పద్ధతి ఇది. ఇప్పుడు చాలా చోట్ల ఈ-ఆఫీసు వచ్చింది, కాగితం బదులు తెర మీద నడుస్తుంది. నంబరుతోనే ఫైలు దొరకడం మాత్రం మారలేదు.

ఆఫీసు నుంచి మీకు ఏదైనా నోటీసు గానీ మెమో గానీ వచ్చి ఉంటే దాని పైభాగాన "ఆర్.సి.నం. బి/412/2025" లాంటిది కనిపిస్తుంది. ఇందులో "బి" అన్నది సెక్షన్ గుర్తు, అంటే ఏ సీటు దగ్గర మీ కాగితం ఉందో చెప్పే అక్షరం. 412 అన్నది ఆ సంవత్సరపు వరుస సంఖ్య. ఈ ఒక్క పంక్తి ఉత్తరంలో ఉంటే గుమాస్తా వెతుక్కునే పని ఉండదు. అదే పంక్తిలో "ఆర్.సి." బదులు "ఎల్.డిస్." అనో "డి.డిస్." అనో ఉంటే జాగ్రత్తగా చదవాలి. "డిస్" అంటే ఆ కాగితం మీద పని ముగిసిందని అర్థం, ముందున్న అక్షరం దాన్ని ఎన్నాళ్లు భద్రపరచాలో చెబుతుంది. పెండింగ్‌లో ఉందని మనం తిరుగుతున్న అర్జీ ఆఫీసు లెక్కలో ఎప్పుడో మూసేసి ఉండటం అరుదేమీ కాదు. అప్పుడు అడగాల్సింది "ఎప్పుడు చేస్తారు" అని కాదు, "ఏ కారణంతో ముగించారు, ఆ ఉత్తర్వు కాపీ ఇవ్వండి" అని.

ఒక ఉదాహరణ కల్పించుకుని చూద్దాం. గుంటూరు వైపు ఒక ఊళ్లో తండ్రి పోయారు. ఆయన పేరున రెండెకరాల చిల్లర పొలం ఉంది. కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. తల్లి, తమ్ముడు ఊళ్లో ఉన్నారు. వారసత్వం కింద పేరు మార్చమని తల్లి మీసేవలో 2025 మార్చి 11న దరఖాస్తు చేసింది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం జత చేసింది. ఏప్రిల్‌లో ఆఫీసు నుంచి ఒక మెమో వచ్చింది, వీఆర్వో విచారణకు పంపామని. ఆ తర్వాత సద్దు లేదు. వీఆర్వోను అడిగితే రిపోర్టు పంపేశానన్నాడు. ఆఫీసులో అడిగితే రాలేదన్నారు. కూతురు రెండుసార్లు సెలవు పెట్టి వచ్చింది. ఒకసారి తహసీల్దార్ కలెక్టరేట్ మీటింగుకు వెళ్లారు, ఇంకోసారి పొలాల వైపు వెళ్లారు. తహసీల్దార్‌కు రెవెన్యూ ఒక్కటే పని కాదు, మెజిస్ట్రేటు పనులూ ఉంటాయి, మంత్రిగారు వస్తే ప్రోటోకాలూ చూడాలి. సోమవారం అర్జీల రోజు, హాలు కిటకిటలాడుతుంది. ఆ రోజు ఫైలు తెప్పించి చదివే తీరిక ఎవరికీ ఉండదు.

అందుకని ఆమె ఉత్తరం రాయాలనుకుంది. రాసే ముందు రెండు పనులు చేసింది. మొదటిది, రసీదు మీది అప్లికేషన్ నంబరు పట్టుకుని మీసేవలో ప్రస్తుత స్థితి చూపించుకుని ప్రింటు తీసుకుంది. తహసీల్దార్ స్థాయిలో పెండింగ్ అని ఉంది. అంటే గ్రామస్థాయి దాటింది, వీఆర్వో మాట నిజమే. రెండోది, పాత పాసుపుస్తకాన్ని, తాజా 1బి నకలును పక్కపక్కన పెట్టుకుని చదివింది. పాసుపుస్తకంలో విస్తీర్ణం 2 ఎకరాల 35 సెంట్లు. 1బిలో 2 ఎకరాల 53 సెంట్లు. ఎక్కడో టైపు చేసేటప్పుడు అంకెలు తారుమారయ్యాయి. ఇలాంటి తేడా ఉన్నప్పుడు ఫైలు కదలకపోవడానికి కారణం ఎవరూ నోరు తెరిచి చెప్పకపోవచ్చు. గుమాస్తా దాన్ని పక్కన పెడతాడు, అంతే.

చివరకు ఆమె రాసిన ఉత్తరం ఇలా ఉంది:

తేదీ: 8-7-2025

తహసీల్దార్ గారికి,
మండల తహసీల్దార్ కార్యాలయం.

ఆర్యా,

విషయం: వారసత్వ పేరు మార్పు దరఖాస్తు — విచారణ స్థితి తెలుసుకొనుటకు, విస్తీర్ణంలో తేడా వివరించుటకు కలిసే సమయం కోరుట గురించి.

సూచిక: 1. మీసేవ దరఖాస్తు (నంబరు రసీదులో ఉన్నట్లు), తేదీ 11-3-2025.
2. తమ కార్యాలయపు మెమో ఆర్.సి.నం. బి/412/2025, తేదీ 24-4-2025.

మా తండ్రిగారి పేరున మా గ్రామంలో సర్వే నం. 214-2, ఖాతా నం. 318లో ఉన్న భూమిని వారసుల పేరుకు మార్చవలసిందిగా మా తల్లిగారు సూచిక 1 ద్వారా దరఖాస్తు చేశారు. సూచిక 2 ద్వారా గ్రామ రెవెన్యూ అధికారి విచారణకు పంపినట్లు తెలిపారు. మీసేవలో ఇది ప్రస్తుతం తమ స్థాయిలో పెండింగ్ అని చూపుతోంది.

పాసుపుస్తకంలో విస్తీర్ణం ఎ. 2-35 సెం. ఉండగా, 1బిలో ఎ. 2-53 సెం. అని నమోదైంది. పేరు మార్పుకు ముందు దీనికి వేరే దరఖాస్తు చేయాలో లేదో తమ ద్వారా తెలుసుకోదలిచాము.

17-7-2025 గురువారం గానీ 18-7-2025 శుక్రవారం గానీ తమకు వీలైన వేళ పది నిమిషాల సమయం ఇచ్చి, ఆ సమయానికి సంబంధిత ఫైలు తమ ముందు ఉండేట్లు ఆదేశించవలసిందిగా కోరుతున్నాను. మా తల్లిగారి తరఫున హాజరు కావడానికి ఆమె ఇచ్చిన అధికార పత్రం జతపరిచాను.

ఇట్లు,
తమ విధేయురాలు
(సంతకం, పేరు, చిరునామా, ఫోన్)

జతపరిచినవి: మీసేవ రసీదు, మెమో, పాసుపుస్తకం పేజీ, 1బి, అధికార పత్రం — నకళ్లు.

ఇందులో గమనించాల్సింది భాష కాదు. "తమరి దర్శన భాగ్యం", "బీదవాణ్ణి, కరుణించండి" లాంటి పాత మాటలు లేకపోవడం మంచిదే, కానీ అవి ఉన్నా పెద్ద నష్టం లేదు. విషయం పంక్తి చదవగానే ఏ సెక్షన్‌కు పంపాలో అధికారికి తెలిసిపోతుంది. సూచిక చదవగానే గుమాస్తా చేయి ఫైలు వైపు వెళ్తుంది. ప్రశ్న ఒక్కటే ఉంది, దానికి జవాబు ఔనో కాదో. రెండు తేదీలు ఇచ్చింది, రెండూ సోమవారం కావు, వారం పైగా వ్యవధి ఉంది. లంచం అడిగారనో, ఫలానా గుమాస్తా తిప్పుతున్నాడనో ఇందులో రాయలేదు. అలాంటి ఫిర్యాదు ఉంటే దాని దారి వేరు, కాగితం వేరు. ఒకే కాగితంలో రెండూ రాస్తే ఫిర్యాదు విచారణకు వెళ్తుంది, ఫైలు దాంతోపాటే వెళ్లి ఇంకో బల్ల మీద కూర్చుంటుంది.

రిఫరెన్సులు ఎక్కువైనా చిక్కే. కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ, ఎమ్మెల్యేగారి సిఫారసు లేఖ, మూడుసార్లు పంపిన వాట్సాప్ సందేశం అన్నీ సూచికలో పేర్చేవాళ్లున్నారు. అసలు దరఖాస్తు ఒకటి, దాని మీద ఆఫీసు చివరగా పంపిన కాగితం ఒకటి. ఈ రెండు చాలు. నంబర్లు నోటితో చెప్పినవి రాయకూడదు, రసీదు చూసి రాయాలి. ఒక అంకె తప్పైతే ఇంకెవరిదో ఫైలు వస్తుంది.

ఉత్తరం నేరుగా ఇస్తే రెండు ప్రతులు తీసుకెళ్లాలి. ఒకటి తపాలు సెక్షన్‌లో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోవాలి. "సార్ చేతికే ఇస్తాను" అని పట్టుబట్టేవాళ్లు ఈ ముద్ర పోగొట్టుకుంటారు. దూరం నుంచి పంపేటప్పుడు ఒకప్పుడు రిజిస్టర్ పోస్టు ఉండేది, 2025లో అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఏదైనా సరే, చేరినట్టు ఆధారం దాచుకోవాలి.

ఆమెకు ఆఫీసు నుంచి రాతపూర్వకంగా జవాబు వస్తుందని ఆశించనక్కర్లేదు. ఇలాంటి ఉత్తరాలకు ఎక్కువగా ఫోన్ వస్తుంది, లేదా ఏదీ రాదు. ఏదీ రాకపోతే అడిగిన తేదీకి ముందురోజు ముద్ర పడ్డ నకలుతో సెక్షన్‌కు వెళ్లి "రేపటికి ఫైలు పుటప్ అయిందా?" అని అడగవచ్చు. ఆ మాట అక్కడ వాళ్లు వాడే మాటే, వెంటనే అర్థమవుతుంది.

కలిశాక ఆమెకు దొరికే జవాబు ఇలా ఉండొచ్చు: పేరు మార్పు ఫైలులో విస్తీర్ణం దిద్దే వీలు లేదు, 1బి సవరణకు మీసేవలో వేరే దరఖాస్తు చేయాలి, అది తేలాక ఇది కదులుతుంది. నాలుగు నెలలు ఎవరూ చెప్పని సంగతి పది నిమిషాల్లో తేలుతుంది. బయటికొచ్చాక, ఫలానా తేదీన తమరిని కలిసినప్పుడు తమరు చెప్పిన ప్రకారం సవరణ దరఖాస్తు చేశాం అని నాలుగు పంక్తులు రాసి, అదే ఆర్.సి. నంబరు వేసి, మళ్లీ తపాలులో ఇస్తే ఫైలులోకి చేరుతుంది. తహసీల్దార్ బదిలీ అయినా కొత్తగా వచ్చినవారు అది చదువుకుంటారు.

ఈ ఉత్తరం చేయలేని పనీ ఒకటుంది, అది తెలియక నష్టపోయినవాళ్లు ఉన్నారు. దరఖాస్తును తిరస్కరిస్తూ తహసీల్దార్ ఉత్తర్వు ఇచ్చేస్తే, సమయం కోరుతూ ఎన్ని ఉత్తరాలు రాసినా గడువు ఆగదు. పట్టాదారు పాసుపుస్తకాల చట్టం, 1971 కింద అలాంటి ఉత్తర్వు మీద ఆర్డీవోకు అప్పీలు చేసుకోవడానికి ఉత్తర్వు అందినప్పటి నుంచి 60 రోజులే. ఉత్తర్వు వచ్చిందో లేదో అసలు తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద ఫైలు స్థితి, నోట్ ఫైలు నకలు అడగవచ్చు. దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. అక్కడా సూచికలో రాయాల్సింది అదే రసీదు నంబరు, అదే ఆర్.సి. నంబరు.